కట్టిన కిస్తీ బకాయిగా ఎందుకు కనిపిస్తుంది?

అప్పు వాయిదా కట్టిన తరువాత కూడా రుణసంస్థ యాప్‌లో బకాయి ఉన్నట్టు కనిపించడం, వసూలు విభాగం నుంచి ఫోన్లు రావడం ఈ రోజుల్లో తరచుగా వినబడే ఫిర్యాదు. సాధారణంగా రుణగ్రహీత చెల్లింపు యాప్‌లోని ఆకుపచ్చ టిక్కు స్క్రీన్‌షాట్ పంపుతాడు; అవతలి ఉద్యోగి తన తెరపై ఉన్న అంకెను చదివి వినిపిస్తాడు; ఒకరు అబద్ధం చెబుతున్నారని మరొకరు అనుకుంటారు. నిజానికి చాలా సందర్భాలలో ఇద్దరి మాటా సరైనదే అయి ఉంటుంది. డబ్బు చెల్లించారా లేదా అన్నది ఒక ప్రశ్న. చెల్లించిన డబ్బు రుణ ఖాతాలో ఏ తేదీన, ఏ పద్దు కింద జమ అయిందన్నది వేరొక ప్రశ్న. బకాయి అన్న మాట పుట్టేది ఈ రెండవ ప్రశ్నకు వచ్చే జవాబులోంచి, స్క్రీన్‌షాట్ జవాబు చెప్పేది మొదటి ప్రశ్నకు మాత్రమే.

విషయం స్పష్టం కావడానికి ఒక ఊహాత్మక ఉదాహరణను చివరిదాకా వెంబడిద్దాం. గుంటూరులో చిన్న టైలరింగ్ షాపు నడిపే ఒక మహిళ ఒక ఎన్‌బీఎఫ్‌సీ నుంచి, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ నుంచి, మూడేళ్ల వ్యక్తిగత రుణం తీసుకున్నారనుకుందాం. నెలవారీ వాయిదా 9,850 రూపాయలు, గడువు ప్రతి నెలా 5వ తేదీ. ఆ రోజున నాచ్ అనే ఆటో డెబిట్ వ్యవస్థ ద్వారా ఆమె బ్యాంకు ఖాతా నుంచి డబ్బు దానంతట అదే వెళ్లిపోతుంది. జులై 5న ఖాతాలో సరిపడా నిల్వ లేక డెబిట్ తిరిగి వెళ్లింది. జులై 8న ఆమె రుణసంస్థ యాప్ తెరిచి, వాయిదా మొత్తం 9,850 రూపాయలను యూపీఐ ద్వారా కట్టేశారు. ఆగస్టు వాయిదా ఆటో డెబిట్‌లోనే ఏ ఇబ్బందీ లేకుండా వెళ్లింది. అయినా ఆ మరునాడు యాప్ 541 రూపాయల 48 పైసల బకాయి చూపిస్తోంది, ఫోన్లు వస్తున్నాయి. ఆమె బ్యాంకు స్టేట్‌మెంటులో జులై నెల వరుసలు ఇలా ఉన్నాయి:

```
05-07  ACH RTN CHRG                250.00 Dr
08-07  UPI/4189XXXXXX27/LOAN     9,850.00 Dr
```

మొదటి వరుస వాయిదా కాదు. ఆటో డెబిట్ తిరిగి వెళ్లినందుకు ఆమె సొంత బ్యాంకు వేసుకున్న రుసుము అది. దీనికీ, రుణసంస్థ వేసే బౌన్స్ ఛార్జీకీ సంబంధం లేదు. ఒకే తప్పుకు రెండు చోట్ల రెండు రుసుములు పడతాయన్న సంగతి చాలామందికి తెలియదు. బ్యాంకులో 250 పోయింది కనుక జరిమానా తీరిపోయిందని అనుకోవడం సహజం. ఇక రుణసంస్థ దగ్గరున్న లోన్ అకౌంట్ స్టేట్‌మెంటులో అదే నెల ఇలా కనిపిస్తుంది:

```
05-07  EMI DUE                   9,850.00 Dr
05-07  BOUNCE CHARGES              500.00 Dr
10-07  PENAL CHARGES                32.38 Dr
10-07  RECEIPT - ONLINE          9,850.00 Cr
       OVERDUE                     532.38
```

ఈ రెండు పత్రాలను పక్కపక్కన పెట్టగానే గొడవంతా రెండు చోట్లకు కుదించుకుపోతుంది. డబ్బు 8న కడితే 10న జమ చేశారు. బౌన్స్ ఛార్జీ 500, అపరాధ రుసుము 32.38 కలిపి 532.38 రూపాయలు అదనంగా వేసి, ఆమె కట్టిన దానిలోంచి ముందుగా వాటినే మినహాయించుకున్నారు. ఫలితంగా జులై వాయిదాకు చేరింది 9,317.62 మాత్రమే. ఆమె దృష్టిలో జులై వాయిదా పూర్తిగా కట్టినట్టు. సంస్థ లెక్కలో జులై వాయిదా 532.38 రూపాయలు తక్కువ.

తేదీల తేడా ఎలా వచ్చిందో ముందు చూద్దాం. రుణసంస్థ యాప్‌లో యూపీఐ, డెబిట్ కార్డు, నెట్ బ్యాంకింగ్ ద్వారా కట్టినప్పుడు ఆ డబ్బు చాలాసార్లు నేరుగా సంస్థ ఖాతాకు వెళ్లదు. మధ్యలో పేమెంట్ అగ్రిగేటర్ అనే మరో కంపెనీ ఉంటుంది. అది ఒక రోజులో వసూలైన మొత్తాన్నంతటినీ మూటగట్టి, సాధారణంగా తరువాతి పనిదినాన సంస్థకు బదిలీ చేస్తుంది. మధ్యలో ఆదివారమో బ్యాంకు సెలవో వస్తే ఇంకో రోజు పెరుగుతుంది. డబ్బు తన బ్యాంకులో పడిన రోజునే చెల్లింపు తేదీగా రాసుకునే సంస్థ 10వ తేదీ వేస్తుంది. ఖాతాదారు కట్టిన క్షణాన్నే చెల్లింపు తేదీగా తీసుకునే సంస్థ 8వ తేదీ వేస్తుంది. ఏడాదికి 24 శాతం లెక్కన అపరాధ రుసుము ఉందనుకుంటే, 9,850 రూపాయల మీద రోజుకు సుమారు 6 రూపాయల 48 పైసలు పడుతుంది. 5 నుంచి 10 వరకు అయిదు రోజులకు 32.38, 5 నుంచి 8 వరకు మూడు రోజులకైతే 19.43. తేడా 13 రూపాయలకు అయిదు పైసలు తక్కువ. డబ్బుగా చూస్తే పోట్లాడదగినది కాదు. కానీ గడువు రోజునే, అంటే 5వ తేదీ సాయంత్రం, యూపీఐలో కట్టి, సంస్థ దానిని 7న జమ చేసుకుంటే పరిస్థితి మారిపోతుంది. అసలు ఆలస్యమే లేని చోట రెండు రోజుల ఆలస్యం నమోదవుతుంది. తన సొంత యాప్‌లో డబ్బు తీసుకునే సంస్థ, తాను ఎంచుకున్న మధ్యవర్తి వల్ల జరిగే జాప్యాన్ని రుణగ్రహీత మీద వేయడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఫిర్యాదులో ఈ మాటను సూటిగా రాయవచ్చు, రాయాలి కూడా.

ఈ మూటగట్టే పద్ధతి వల్ల మరొక చిక్కు కూడా ఉంది. రుణసంస్థ బ్యాంకు ఖాతాలో 9,850 రూపాయల జమ విడిగా ఎక్కడా కనిపించదు. వందలాది మంది చెల్లింపులు కలిసిన ఒకే పెద్ద మొత్తం కనిపిస్తుంది. బ్రాంచిలోని ఉద్యోగి ‘మీ డబ్బు మాకు రాలేదు, మా అకౌంటులో లేదు’ అన్నప్పుడు అతడు అబద్ధం ఆడుతున్నాడని అనుకోనక్కరలేదు, అతడు వెతుకుతున్న చోట అది ఉండదు. అక్కడ పనికి వచ్చేది బ్యాంకు ఇచ్చే నంబరు ఒక్కటే కాదు, చెల్లింపు పూర్తయినప్పుడు రుణసంస్థ యాప్ చూపిన లేదా మెయిల్‌లో పంపిన ఆర్డర్ నంబరో పేమెంట్ నంబరో కూడా. అగ్రిగేటర్ పంపిన వివరాల జాబితాలో ఒక్కో చెల్లింపు ఆ నంబరుతోనే ఉంటుంది.

నంబర్ల విషయంలో గందరగోళం ఎక్కువ కనుక ఇక్కడ కాస్త ఆగాలి. యూపీఐలో, ఐఎంపీఎస్‌లో ప్రతి లావాదేవీకీ 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించేది, రెండు బ్యాంకులూ గుర్తుపట్టేది అదే. ఫోన్‌లోని చెల్లింపు యాప్ తన సొంతంగా చూపే పొడవాటి అక్షరాల సంఖ్య వేరు, అది ఆ యాప్ కంపెనీకి తప్ప మరెవరికీ అంతగా ఉపయోగపడదు. నెఫ్ట్ ద్వారా పంపితే యూటీఆర్ నంబరు 16 అక్షరాలు, ఆర్‌టీజీఎస్ అయితే 22 అక్షరాలు. ఆటో డెబిట్‌కైతే అనుమతి పత్రానికి ఒక నంబరు ఉంటుంది, యూఎంఆర్ఎన్ అంటారు. అది ఆ రుణకాలమంతా మారదు కాబట్టి ఫలానా నెల వాయిదా వెళ్లిందనడానికి అది ఒక్కటీ రుజువు కాదు, తేదీ కూడా జతచేయాలి.

స్క్రీన్‌షాట్ ఎందుకు చాలదో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. అది ఒక క్షణం నాటి స్థితిని చూపుతుంది. ఆ తరువాత డబ్బు వెనక్కి వచ్చిందో లేదో చెప్పదు. యూపీఐలో డెబిట్ అయి, అవతల జమ కాక, ఒకటి రెండు రోజుల తరువాత తిరిగి ఖాతాలో పడే సందర్భాలు ఉన్నాయి. ఆటో డెబిట్‌లో కొన్ని బ్యాంకులు ఉదయం డెబిట్ వరుస వేసి, తరువాత అదే మొత్తాన్ని తిరుగు జమగా వేస్తాయి. ఖాతాదారు మొదటి ఎస్ఎంఎస్ చూసి నిశ్చింతగా ఉంటారు, రెండవది చూడరు. అందుకని రుజువుగా ఇవ్వవలసింది బ్యాంకు నుంచి దించుకున్న పీడీఎఫ్ స్టేట్‌మెంటు, అదీ చెల్లించిన ఒక్క రోజుది కాకుండా కనీసం ఆ తరువాతి పది పదిహేను రోజులు కలిపి. డబ్బు వెళ్లడమే కాదు, వెనక్కి రాలేదన్న విషయం కూడా అందులో కనిపించాలి. ఇతరులకు తెలియనక్కరలేని వరుసలు ఉంటే నల్లగా కొట్టేయవచ్చు గాని, తేదీ, వివరం, మొత్తం, నిల్వ ఉన్న నాలుగు గడులను సంబంధిత వరుసలో ముట్టుకోకూడదు.

ఇప్పుడు అసలు చిక్కుకు, అంటే జమ చేసే క్రమానికి వద్దాం. రుణగ్రహీత పంపిన డబ్బు ముందుగా దేనికి చెందాలో రుణ ఒప్పందంలోనే రాసి ఉంటుంది. చాలా ఒప్పందాలలో వరుస ఇది: ముందు రుసుములు, తరువాత వడ్డీ, చివర అసలు. అందులోనూ పాత బకాయి ముందు, కొత్తది తరువాత. మన ఉదాహరణలో జులై 10 నాటికి మిగిలిన 532.38 రూపాయలు ఇప్పుడు రుసుము కాదు, రుసుము తీరిపోయింది. అది జులై వాయిదాలో తగ్గిన భాగం. దాని మీద మళ్లీ రోజుకు 35 పైసల చొప్పున అపరాధ రుసుము మొదలవుతుంది. ఆగస్టు 5 వరకు 26 రోజులకు 9 రూపాయల 10 పైసలు. ఆ రోజున ఆటో డెబిట్‌లో వచ్చిన 9,850లో 9.10 అపరాధ రుసుముకు, 532.38 జులై వాయిదా లోటుకు పోగా, ఆగస్టు వాయిదాకు 9,308.52 మిగులుతుంది. ఆగస్టు వాయిదాలో లోటు 541.48. యాప్‌లో కనిపించిన అంకె ఇదే. సెప్టెంబరులోనూ ఇదే జరుగుతుంది, అంకె మరికాస్త పెరుగుతుంది. ప్రతి నెలా వాయిదా పూర్తిగా వెళుతున్నా, ఆ లోటు ఒక నెల నుంచి మరో నెలకు జారుతూ రుణం తీరేదాకా వెంట వస్తుంది.

ఇక్కడ రిజర్వ్ బ్యాంకు నిబంధన ఒకటి గుర్తు చేసుకోవాలి. 2023 ఆగస్టు 18న ఇచ్చిన ఉత్తర్వులో, వాయిదా ఆలస్యానికి వేసేది వడ్డీ రేటుకు అదనంగా కలిపే అపరాధ వడ్డీగా ఉండకూడదని, విడిగా అపరాధ రుసుముగానే ఉండాలని, ఆ రుసుమును అసలులో కలిపి దానిపై మళ్లీ వడ్డీ వేయకూడదని చెప్పింది. కొత్త రుణాలకు ఇది 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పాత రుణాలను 2024 జూన్ 30లోగా ఈ పద్ధతికి మార్చాలని గడువు పెట్టింది. మన ఉదాహరణలో సంస్థ రుసుము మీద రుసుము వేయలేదు, కాగితం మీద చూస్తే నిబంధన పాటించినట్టే. కానీ వచ్చిన డబ్బును ముందు రుసుములకు మినహాయించుకోవడం వల్ల వాయిదా లోటు పడింది, ఆ లోటు మీద రుసుము నడుస్తోంది. చుట్టుతిరిగి చేరింది అక్కడికే. ఈ పద్ధతి ఉత్తర్వు అక్షరానికి విరుద్ధమని నేను అనడం లేదు; దాని ఉద్దేశానికి మాత్రం పొసగదు. సంస్థతో రాతపూర్వకంగా మాట్లాడేటప్పుడు ఈ వాదన చిన్న రుసుముల మాఫీకి బాగానే పనిచేస్తుంది.

అసలు 500 రూపాయల బౌన్స్ ఛార్జీ వేసే హక్కు సంస్థకు ఉందా అన్నది తరువాతి ప్రశ్న. ఇందుకు చూడవలసింది మంజూరు పత్రాన్ని, దానితో పాటు ఇచ్చే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంటును. 2024 అక్టోబరు 1 తరువాత ఇచ్చిన రిటైల్ రుణాలన్నిటికీ ఈ పత్రం తప్పనిసరి. అందులో పేర్కొనని రుసుమును రుణకాలంలో ఏ దశలోనైనా రుణగ్రహీత స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయడానికి వీలులేదు. పత్రంలో 500 అని ఉంటే అది కట్టవలసిందే; ఒకే వాయిదాకు రెండుసార్లు బౌన్స్ వేసి ఉంటే మాత్రం గట్టిగా ప్రశ్నించాలి. ఒకసారి తిరిగి వచ్చిన ఆటో డెబిట్‌ను సంస్థలు అదే నెలలో మళ్లీ పంపడం మామూలే. మొదటి బౌన్స్ తరువాత ఖాతాదారు విడిగా కట్టేసినా ఆ సంగతి ఇంకా నమోదు కాకపోవడంతో రెండవసారి కూడా పంపేస్తారు. అప్పుడు నిల్వ ఉంటే వాయిదా రెండుసార్లు పోతుంది, లేకపోతే రెండవ బౌన్స్ పడుతుంది.

బకాయి 541 రూపాయలే కదా, దానికింత ఆలోచన దేనికి అనిపించవచ్చు. చిక్కంతా రోజుల లెక్కలో ఉంది. బకాయి మొత్తం ఎంత అన్నది ఒక లెక్క అయితే, ఎన్ని రోజులుగా ఉంది అన్నది ఇంకో లెక్క, క్రెడిట్ రిపోర్టులో ఎక్కువ బరువు రెండవదానికే ఉంటుంది. రిజర్వ్ బ్యాంకు 2021 నవంబరు 12న ఇచ్చిన వివరణ ప్రకారం, గడువు రోజున బ్యాంకు దినాంత లెక్కలు ముగిసేలోగా పూర్తి మొత్తం అందకపోతే ఆ తేదీ నుంచే ఖాతా బకాయి పడినట్టు. ఆ రోజు నుంచి అది ఎస్ఎంఏ-0 అనే మొదటి హెచ్చరిక తరగతిలో ఉంటుంది. ఎడతెగకుండా 30 రోజులు పూర్తయితే ఎస్ఎంఏ-1, 60 పూర్తయితే ఎస్ఎంఏ-2, 90 పూర్తయితే ఎన్‌పీఏ, అంటే నిరర్థక ఆస్తి. మన ఉదాహరణలో జులై వాయిదా లోటుకు జులై 5 నుంచి లెక్క మొదలై, ఆగస్టు 4తో 30 రోజులు నిండుతాయి. మరునాడు ఆటో డెబిట్ వచ్చి ఆ లోటును తీర్చి కొత్త లోటును పుట్టిస్తుంది. అంటే 31 రోజులున్న ప్రతి నెల తరువాతా, గడువుకు ఒక రోజు ముందు, కొన్ని వందల రూపాయల కోసం ఆ ఖాతా ఒక్క రోజు పాటు ఎస్ఎంఏ-1లోకి వెళ్లి వస్తుంది. మిగిలిన రోజులన్నీ ఎస్ఎంఏ-0లోనే. క్రెడిట్ సమాచార సంస్థలకు వివరాలు కనీసం పదిహేను రోజులకొకసారి పంపాలన్న నియమం 2025 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది కాబట్టి, ప్రతి నెలా ఆ ఖాతా ‘ఆలస్యం’ అన్న ముద్రతోనే నమోదవుతుంది. రెండేళ్ల తరువాత గృహరుణానికి వెళ్లినప్పుడు బ్యాంకు అధికారి చూసేది 541 రూపాయలను కాదు, వరుసగా ఇరవై నాలుగు నెలలు కనిపించే ఆలస్యపు గళ్లను.

కాబట్టి పోలిక మొదలుపెట్టే ముందే ఒక నిర్ణయం తీసుకోవడం మంచిది. వివాదంలో ఉన్న మొత్తం చిన్నదైతే, హక్కులు వదులుకోకుండా కట్టేసి తరువాత తేల్చుకోవడం మేలు. ‘ఈ మొత్తాన్ని అభ్యంతరంతో చెల్లిస్తున్నాను, నా ఫిర్యాదు కొనసాగుతుంది’ అని కట్టిన రోజునే మెయిల్ పెడితే సరిపోతుంది. తప్పు సంస్థదని తేలితే డబ్బు తిరిగి రాబట్టుకోవచ్చు. రోజుల లెక్కను ఆపడం మాత్రం కట్టడం వల్లే సాధ్యం. మొత్తం పెద్దదై, పూర్తి వాయిదానే చేరలేదంటున్నప్పుడు ఈ సలహా వర్తించదు.

అలా పూర్తి వాయిదా చేరలేదన్నప్పుడు డబ్బు ఉండగలిగే చోట్లు మూడు. మొదటిది, దారిలో చిక్కుకుని ఉండడం. యూపీఐలో డెబిట్ అయి అవతల జమ కాకపోతే దుకాణాలకు, సంస్థలకు చేసిన చెల్లింపుల విషయంలో అయిదు రోజులలోగా, వ్యక్తుల మధ్య బదిలీల విషయంలో మరునాటికల్లా వ్యవహారం దానంతట అదే సరికావాలని, దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఉత్తర్వు ఇచ్చింది. ఈ ఫిర్యాదు వెళ్లవలసింది రుణసంస్థకు కాదు, డబ్బు పోయిన బ్యాంకుకు.

రెండవది, అదే సంస్థలోని మరో ఖాతాలో పడడం. ఒకే కంపెనీలో బంగారంపై ఒక అప్పు, బండిపై ఒక అప్పు ఉన్నవారికి ఇది తరచూ ఎదురవుతుంది. ఏ అప్పు కోసం చెల్లిస్తున్నదీ రుణగ్రహీత స్పష్టంగా చెప్పి చెల్లిస్తే, దానిని స్వీకరించిన రుణదాత ఆ అప్పుకే జమ చేయాలని 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలోని 59వ సెక్షను చెబుతోంది. అందుకే చెల్లించేటప్పుడు వివరాల గడిలో ‘EMI’ అని ఊరుకోకుండా రుణ ఖాతా నంబరు రాయడం మేలు. నెఫ్ట్‌తో కట్టేవారికి సంస్థ ఇచ్చే వర్చువల్ ఖాతా నంబరులో రుణ నంబరు ఇమిడి ఉంటుంది, అందులో ఒక్క అంకె తప్పు పడినా డబ్బు తిరిగి రావడమో, ఎవరిదో తేలని డబ్బును ఉంచే సస్పెన్స్ ఖాతాలో ఆగిపోవడమో జరుగుతుంది. ‘డబ్బు వచ్చింది గాని మ్యాప్ కాలేదు’ అని కస్టమర్ కేర్‌లో అనే మాటకు అర్థం ఇదే. ఆ మాట వినబడితే సగం పని అయినట్టు, ఎందుకంటే డబ్బు అందినట్టు వారే ఒప్పుకున్నారు. ఆ కాల్ తేదీ, ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోవాలి.

మూడవది అన్నిటికంటే ఇబ్బందికరమైనది: ఇంటికి వచ్చిన వసూలు ఏజెంటు చేతికి నగదుగానో, అతడి సొంత క్యూఆర్ కోడ్‌కో ఇచ్చిన డబ్బు. సంస్థ రసీదు లేకుండా ఇచ్చిన దానిని సంస్థకు చెల్లించినట్టు నిరూపించడం చాలా కష్టం. యాప్‌ల ద్వారా ఇచ్చే డిజిటల్ రుణాలలో తిరుగు చెల్లింపులు రుణం ఇప్పించే మధ్యవర్తి ఖాతా గుండా కాక నేరుగా రుణసంస్థ ఖాతాకే చేరాలని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. కాబట్టి వ్యక్తి పేరు మీద ఉన్న యూపీఐ చిరునామా ఇచ్చి కట్టమంటే అక్కడే ఆగిపోవాలి.

ఆటో డెబిట్ తిరిగి రావడానికి నిల్వ లేకపోవడం ఒక్కటే కారణం కాదు. సంతకం తేడా, ఖాతా మూసివేత, అనుమతి రద్దు, ఖాతా నంబరు మారడం కూడా ఉంటాయి, స్టేట్‌మెంటులోనో సంస్థ రికార్డులోనో ఆ కారణం నమోదై ఉంటుంది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిన తరువాత ‘ANDB’తో మొదలయ్యే ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లు ‘UBIN’ కింద మారాయి. ఇటీవల గ్రామీణ బ్యాంకుల విలీనాలూ జరిగాయి. ఇలాంటి మార్పుల తరువాత పాత వివరాలతో పంపిన డెబిట్ తిరిగి వస్తే, నిల్వ లేదన్న కారణంతో బౌన్స్ ఛార్జీ వేయడం సరికాదు. అందువల్ల ‘బౌన్స్ అయింది’ అన్న మాటతో సరిపెట్టుకోకుండా, ఏ కారణంతో తిరిగి వచ్చిందో రాతపూర్వకంగా అడగాలి.

సంస్థకు రాసే ఉత్తరం పొడవుగా ఉండనక్కరలేదు. రుణ ఖాతా నంబరు, ఏ గడువు తేదీ వాయిదా, ఎంత, ఏ రోజు, ఏ మార్గంలో, ఏ రిఫరెన్స్ నంబరుతో కట్టారు, ఏ బ్యాంకు ఖాతా నుంచి పోయింది (చివరి నాలుగు అంకెలు చాలు) అన్నవి మొదటి పేరాలో రావాలి. రెండవ పేరాలో అడగవలసినవి అడగాలి: ఈ మొత్తాన్ని ఏ తేదీన, ఏ పద్దులకు ఎంతెంత జమ చేశారు, ఆ క్రమం ఒప్పందంలోని ఏ క్లాజు ప్రకారం, బౌన్స్ ఏ కారణంతో. మన ఉదాహరణలోని మహిళ అయితే ఇలా రాయవచ్చు: ‘జులై 8న చెల్లించిన 9,850 రూపాయలను జులై 10న జమ చేశారు. చెల్లింపు తేదీని 8గా సరిచేసి, అపరాధ రుసుమును 32.38 నుంచి 19.43కు తగ్గించగలరు. మిగిలిన రుసుములను విడిగా చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను. జులై, ఆగస్టు వాయిదాలను పూర్తిగా చెల్లించినట్టు సరిదిద్దిన స్టేట్‌మెంటు పంపగలరు.’ ‘నేను కట్టేశాను, మీరు వేధిస్తున్నారు’ అన్న వాక్యం కంటే ఇది ఎక్కువ పని చేస్తుంది, ఎందుకంటే దీనికి జవాబివ్వాలంటే అవతలివారు లెడ్జరు తెరవక తప్పదు. ఫోన్‌లో చెప్పిన విషయాలకు విలువ ఉండదు కాబట్టి సంస్థ వెబ్‌సైటులో ఉన్న ఫిర్యాదుల పరిష్కార అధికారి మెయిల్‌కే పంపి, ఫిర్యాదు నంబరు తీసుకోవాలి.

ముప్పై రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు `cms.rbi.org.in` లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. గృహరుణ కంపెనీల మీద ఫిర్యాదులకు దారి వేరు, అవి నేషనల్ హౌసింగ్ బ్యాంకు పోర్టల్‌కు వెళ్లాలి. ముందు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినట్టు చూపలేకపోతే అంబుడ్స్‌మన్ దగ్గర అది నిలవదు.

క్రెడిట్ రిపోర్టులో పడిన ముద్ర వేరే సంగతి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అన్నవి మన దేశంలోని నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలు. ఏటా ఒక్కొక్క దాని నుంచి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా పొందవచ్చు. తప్పు కనిపించినప్పుడు వీటికి ఫిర్యాదు చేసినా, రుణసంస్థ ధ్రువీకరించనిదే అవి సొంతంగా మార్చలేవు. అందువల్ల లెడ్జరు సరికాకముందే ఇక్కడ ఫిర్యాదు వేస్తే ‘సమాచారం సరైనదే’ అన్న జవాబే వస్తుంది. సరిదిద్దిన లోన్ స్టేట్‌మెంటు చేతికి వచ్చిన తరువాత వేయాలి. ఫిర్యాదు అందిన నాటి నుంచి 30 రోజులలో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరు 26 నాటి ఉత్తర్వు చెబుతోంది. అది 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. రుణసంస్థ 21 రోజులలో సరైన సమాచారం పంపకపోతే భారం దానిది, ఆ తరువాత ఆలస్యమైతే క్రెడిట్ సమాచార సంస్థది.

సరిచేశామని మెయిల్ వచ్చినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. ఆ మరుసటి వాయిదా వెళ్లిన వారం తరువాత లోన్ స్టేట్‌మెంటును మరోసారి దించుకుని, బకాయి గడిలో సున్నా ఉందో లేదో, తేదీ సవరణకు విడిగా వరుస పడిందో లేదో చూడాలి. కొన్ని సంస్థలు పాత వరుసను అలాగే ఉంచి చివర మాఫీ వరుస ఒకటి వేస్తాయి. అలా చేస్తే డబ్బు లెక్క సరిపోతుంది గాని రోజుల లెక్క మారదు. అలాంటప్పుడు మాఫీ కాదు, చెల్లింపు తేదీనే సవరించమని తిరిగి రాయవలసి ఉంటుంది.